హోటలుకు గాళా తీసుకునేటప్పుడు

ఈ నెల మగ్గం ముచ్చట కాదు, గాళా ముచ్చట చెప్తున్న. షోలాపూర్‌లో మన తూర్పు భాగంలో మిల్లు పని పోయినోళ్లు, పవర్‌లూమ్ పని తగ్గినోళ్లు చానామంది ఇప్పుడు చిన్న హోటలో, ఖానావళో పెడుతున్నరు. వంట మన ఆడోళ్లకు కొత్త గాదు. జొన్న రొట్టె, శేంగా చట్నీ, పప్పు చేస్తే తినేటోళ్లకు కొదువ లేదు. కాని వంట బాగుండి గూడ మూతపడ్డ హోటళ్లు నేను ఎన్నో చూసిన. అవి మునిగింది పొయ్యి కాడ గాదు, గాళా కరారు కాడ.

మొదలు నా సంగతి చెప్తా. మా మిల్లు మూతపడ్డ మరుసటి ఏడు, చేతికొచ్చిన పైసలతోటి నేను గూడ ఒక టిఫిన్ హోటలు పెట్టిన. మాలకు తెలిసినాయనే. కాయితం ఎందుకన్నడు, నేనూ సరేనన్న. డిపాజిట్ 20,000 చేతిల పెట్టిన. లోపల కడప బండ ఒట్టా కట్టిచ్చిన, మోరీ తవ్విచ్చిన, గోడకు పలకలు ఏయించిన. మొత్తం 38,000 ఖర్చయింది. గిరాకీ కుదురుకునే యాళ్లకు, పదకొండు నెలలకు ఆయనొచ్చి కిరాయి ఒకటిన్నర ఇంతలు చెయ్యమన్నడు, లేకుంటే ఖాళీ చెయ్యమన్నడు. ఖాళీ చేసిన. ఒట్టా, పలకలు పీక్కొని రాలేను గదా. గోడ మసిబారిందని డిపాజిట్లో 9,000 కోసుకున్నడు. నెల తిరగకముందే అదే ఒట్టా మీద ఇంకొకాయన పొయ్యి పెట్టిండు.

అందుకే మొన్న మా అక్క కొడుకు, కోడలు కలిసి ఖానావళి పెడ్తామని వచ్చి, "మామా, గాళా చూసినం, రేపు బయానా ఇస్తున్నం" అనంగానే, "ఆగరా అల్లుడా, బయానా కంటే ముందు నాలుగు మాటలు తెగాలె" అని నేను గూడ ఎంట పోయిన. ఆ నాలుగు మాటలే కిరాయి, డిపాజిట్, లోపలి పని, బయటపడే దారి.

గాళా అక్కల్‌కోట రోడ్డు దిక్కు ఉన్నది. దగ్గర్లనే కారఖానాలు, మధ్యాహ్నం తినెటోళ్లు దండిగ. నాలుగు వందల చదరపుటడుగులు, మీద ఒక కుటుంబం ఉంటది. మాలకు నెలకు 18,000 అడిగిండు. అది వద్దంటే ఇంకో లెక్క చెప్పిండు: 12,000 కిరాయి, పైన గల్లాలో నూటికి పది. అల్లునికి రెండోది బాగ కొట్టింది. "నడవకపోతే తక్కువ కడ్తం గద మామా" అన్నడు.

నేను పెన్సిలు తీసి లెక్క చేసి చూపిచ్చిన. రెండు లెక్కల మధ్య తేడా 6,000. నూటికి పది అంటే, నెలకు 60,000 గల్లా అయితే రెండూ సమానం. గల్లా అంతకంటే తక్కువైతే రెండో లెక్క మనకు మేలు. కాని నెలకు 60,000 అంటే, ఆదివారాలు తీసేస్తే, దినానికి 2,300 గల్లా. అంత తక్కువ గల్లాతోటి సామాను, గ్యాస్, ఇద్దరు పనోళ్లు, కిరాయి ఎళ్లవు, హోటలు ఎట్లాగూ బతకదు. ఇగ మనం అనుకున్నట్టు దినానికి 5,000 అయితే నెలకు 1,30,000. దాంట్ల పదోవంతు 13,000, మొత్తం 25,000 కట్టాలె. అంటే హోటలు సచ్చినప్పుడే లాభమొచ్చే లెక్క అది. నడిస్తే నెలకు 7,000 ఎక్కువ పోతది. పైగా గల్లా ఎంతయిందో దినాం మాలకుకు చూపియ్యాలె. అందుకే చిన్న హోటలుకు కట్టు కిరాయే మంచిది.

కట్టు కిరాయి ఎంత ఉంటే తట్టుకుంటం? నా లెక్క ఒకటున్నది: మూడు దినాల గల్లాలో నెల కిరాయి ఎల్లాలె. నాలుగు దినాలు పట్టిందంటే సామాను ధర పెరిగిన నాడు ఊపిరాడదు. మన అంచనా దినానికి 5,000, మూడు దినాలకు 15,000. మాలకు 18,000 కాడ ఉన్నడు. రెండు మూడు సార్లు తిరిగితే 16,000కు ఒప్పుకున్నడు. కొంచెం ఎక్కువే, కాని జాగ మంచిది గనుక మేమూ ఒప్పుకున్నం.

కిరాయి ఎంత అన్నదాని తర్వాత అడగవలసింది, అది ఎట్ల పెరుగుతది అని. ఆయన ఏడాదికి నూటికి పది పెంచుతనన్నడు. ఇనేటప్పుడు చిన్నగ అనిపిస్తది. ఏడాదికేడాది పెంచుకుంట పోతే 16,000 కిరాయి ఐదో ఏటికి 23,400 దాటుతది. అదే నూటికి పది రెండేండ్లకోసారి పెంచితే, మొదటి రెండేండ్లు 16,000, తర్వాత రెండేండ్లు 17,600, ఐదో ఏడు 19,360. ఐదో ఏట నెలకు 4,000 తేడా. రెండేండ్లకోసారికి ఒప్పిచ్చినం. కరారులో "నూటికి పది" అని రాసి ఊకోలేదు, ఏ నెల నుంచి ఏ నెల దాకా ఎంతో రూపాయలల్ల రాయిచ్చినం. రూపాయలల్ల రాస్తే తర్వాత కొట్లాట ఉండదు.

ఇంకోటి, కిరాయి ఏ దినం నుంచి మొదలైతది? చావీ చేతికొచ్చిన దినం నుంచి అంటే, లోపల పని నడిచే నెల, నెలన్నర వంట లేకున్నా కిరాయి కట్టాలె. ఆరు వారాలు ఇడువుమన్నం, ఆయన ఒక నెల ఇడిసిండు.

ఇప్పుడు డిపాజిట్ ముచ్చట. ఆయన 2,00,000 అడిగిండు. "తిరిగొచ్చే పైసలే గద" అని అల్లుడు ఒప్పుకోబోయిండు. ఆ పైసలు యాడికెళ్లి తెస్తున్నవని అడిగిన. నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తనన్నడు. రెండు లక్షలకు నెలకు 4,000 మిత్తి. మాలకు మనకు మిత్తి ఇయ్యడు. అంటే కాయితం మీద కిరాయి 16,000 ఉన్నా, మన జేబుల నుంచి పోయేది 20,000. డిపాజిట్ తగ్గితే కిరాయి తగ్గినట్టే. లక్షకు తెచ్చినం, మిత్తి 2,000కు దిగింది.

డిపాజిట్ చేతిల ఇయ్యలేదు, బ్యాంకు నుంచి పంపినం. కరారులో మూడు సంగతులు రాయిచ్చినం. ఒకటి, చావీ ఇచ్చిన దినమే డిపాజిట్ తిరిగియ్యాలె. "లెక్క చూసి ఇస్త" అంటే నెలలు గడుస్తయి. రెండు, కోత పెట్టేది కట్టని కిరాయికి, కట్టని కరెంటు బిల్లుకు, మనం ఇరగ్గొట్టిన దానికి మాత్రమే. హోటలు గోడ మసిబారుతది, రంగు పోతది. అది వాడకంతోటి అయ్యే అరుగుదల, దానికి కోత లేదని రాయిచ్చినం. మూడు, ఖాళీ చేస్తమని చెప్పినంక ఆఖరు రెండు నెలల కిరాయి డిపాజిట్లకెళ్లి పట్టుకోవాలె. ఇట్ల రాసుకుంటే లక్షలో సుమారు మూడోవంతు మన కాడనే ఉండిపోతది, మిగిలినదానికే ఆయన ఎంట పడాలె. ఈ మాటకు మాలకు మొగం ముడుసుకున్నడు గని, ఆఖరుకు ఒప్పుకున్నడు.

గాళా తీసుకున్న దినం లోపలున్న పగుళ్లు, తలుపు, మీటరు అంకె అన్నీ ఫోటో తీసి, కాయితం మీద పెట్టి ఇద్దరూ సంతకం చేయాలె. దిగిన నాడు గోడ ఎట్లున్నదో సాక్ష్యం లేకుంటే, పోయే నాడు ప్రతి పగులూ మనదే అయితది.

మూడో మాట లోపలి పని. హోటలు గాళా బట్టల దుకాణం లాంటిది గాదు. పొగ పోవాలె, జిడ్డు నీళ్లు పోవాలె, కరెంటు ఎక్కువ పట్టాలె. ఈ మూడూ గాళాలో ఉన్నయా లేవా, లేకుంటే ఎవరు చేస్తరన్నది బయానాకు ముందే తెగాలె.

మేము ఇట్ల పంచుకున్నం. కట్టడానికి సంబంధించినవి మాలకువి: పైకప్పు కారితే బాగుచేసుడు, పెద్ద మోరీ దాకా పైపు, నీళ్ల కనెక్షన్, షట్టర్, కరెంటు మీటరు లోడు పెంచిచ్చుడు. వంటకు సంబంధించినవి మనవి: ఒట్టా, లోపలి వైరింగ్, పొగ లాగే ఫ్యాను, చిమ్నీ, జిడ్డు ఆపే చిన్న తొట్టి. ఆ తొట్టి వారానికోసారి సాఫు చేసుడు గూడ మన మీదనే ఉంటది. చెయ్యకపోతే జిడ్డు గట్టిపడి మోరీ మూసుకపోతది, పేచీ మొదలైతది.

కరెంటుది ఒక మెలిక ఉంది. పాత కిరాయిదారు మహావితరణకు బాకీ పెట్టి పోయి ఉంటే, అది తీరందే లోడు పెంచుడు, కొత్త కనెక్షన్ ముందుకు కదలవు. అందుకే ఆఖరు కరెంటు బిల్లు, ఆఖరు ఇంటి పన్ను రసీదు చూపియ్యమన్నం. కరెంటు బిల్లు మీద 11,000 బాకీ కనబడ్డది. మాలకు కట్టినంకనే బయానా ఇచ్చినం. ఒక్క కాయితం అడిగినందుకు 11,000 మిగిలినయి.

చిమ్నీది ఇంకా పెద్ద మెలిక. పొగ గొట్టం పై కుటుంబం కిటికీ పక్క నుంచే పోవాలె. మాలకు "నేను చెప్తలే" అన్నడు. నేను ఒప్పుకోలేదు. గొట్టం ఏ గోడ మీది నుంచి పోతదో, కప్పు దాటి ఎంత ఎత్తు లేస్తదో బొమ్మ గీసి, మాలకు సంతకంతో పాటు పై ఇంటాయన సంతకం గూడ తీసుకున్నం. దీనికి ఇద్దరు పెద్దమనుషులు, రెండు సార్ల చాయి పట్టింది. ఆ సంతకం లేకుంటే, రెండు లక్షల సామాను పెట్టినంక ఒక్క అర్జీతోటి పొయ్యి ఆరిపోతది.

ఇగ పోయే నాడు ఏం తీస్కపోతం, ఏం ఇడిసిపెడ్తం? రెండు పట్టీలు రాసినం. భట్టీ, ఫ్రిజ్, బల్లలు, ఫ్యాను మోటరు, చిమ్నీ పైభాగం, బోర్డు మనయి, ఇప్పుకొని పోతం. ఒట్టా, పలకలు, మోరీ పైపు, వైరింగ్ ఆడనే ఉంటయి. తీస్కపోలేని ఈ పనికి 1,80,000 ఖర్చయింది. బిల్లులు, ఫోటోలు అన్నీ ఒక సంచిల దాచినం. ఎందుకంటే నాలుగో మాట ఈ లెక్క మీదనే ఆధారపడ్డది.

నాలుగో మాట బయటపడే దారి. మాలకు రాయించి తెచ్చిన కరారులో మూడేండ్లు లాక్-ఇన్ అని ఉండె. అంటే మూడేండ్ల లోపల మనం ఖాళీ చేస్తే మిగిలిన నెలల కిరాయంతా కట్టాలె. హోటలు నడవక ఎనిమిది నెలలకు మూసినమనుకోండి. ఇంకా ఇరవై ఎనిమిది నెలలు మిగిలినయి: పదహారు నెలలు 16,000 చొప్పున, పన్నెండు నెలలు 17,600 చొప్పున. మొత్తం 4,67,200. నడవని హోటలుకు అంత కట్టాలంటే ఇల్లు అమ్ముకోవలసిందే. లాక్-ఇన్ అన్న మాట ఎవలి మెడకు తాడో చూడకుండ సంతకం పెట్టొద్దు.

మేము దాన్ని మలిపినం. మనకు ఆరు నెలలే లాక్-ఇన్, తర్వాత రెండు నెలల ముందు చెప్పి పోవచ్చు. మాలకుకు మాత్రం మూడేండ్లు, అప్పటిదాకా ఖాళీ చెయ్యమనొద్దు. ఇది అన్యాయమని ఆయన అన్నడు. నేను చెప్పిన, "మేము పోతే మీకు పని చేసిన గాళా మిగులుతది, ఇంకొకరు వస్తరు. మీరు మమ్ముల పొమ్మంటే మా 1,80,000 గోడకే అంటుకొని ఉంటది." ఆ మాటకు ఆయన కాసేపు ఆలోచించిండు.

మూడేండ్ల లోపల పొమ్మంటే ఎంతియ్యాలో గూడ రాసినం. 1,80,000ను ముప్ఫై ఆరు నెలలకు పంచితే నెలకు 5,000. ఇరవై నెలలు గడిసినంక పొమ్మంటే పదహారు నెలలు మిగిలినయి, మాలకు 80,000 ఇయ్యాలె. ముప్ఫై ఆరు నెలలు నిండినంక ఏమీ ఇయ్యనక్కర లేదు. ఇట్ల లెక్క ఉంటే కోర్టు దాకా పోకుండనే తెగుతది. కిరాయి కట్టకపోతే మాత్రం ఈ రక్షణ లేదు. రెండు నెలలు వరుసగ కట్టకపోతే ఆయన నోటీసిచ్చి ఖాళీ చేయించొచ్చు. అది న్యాయమే, ఒప్పుకున్నం.

ఇక్కడ మహారాష్ట్రలో ఎక్కువగా చేసేది "లీవ్ అండ్ లైసెన్స్" కరారు. దీంతోటి గాళా మీద మనకు హక్కు ఏమీ రాదు, వాడుకోవడానికి అనుమతి మాత్రమే. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం మాలకు గాళా అమ్మేస్తే, కొన్నాయన ఆ లైసెన్సుకు కట్టుబడనక్కర లేదు. చానామందికి ఈ సంగతి తెల్వదు, కొత్త మాలకు వచ్చి పొమ్మంటే నోరెళ్లబెడతరు. అందుకే మేము ఒక మాట చేర్పిచ్చినం: గాళా అమ్మదలిస్తే మూడు నెలల ముందు చెప్పాలె, కొన్నాయన మనల్ని ఉంచకపోతే, పాత మాలకే పొమ్మన్నట్టు లెక్క. అప్పుడు డిపాజిట్, లోపలి పని పైసలు పాత మాలకే ఇయ్యాలె.

కరారు రిజిస్టర్ చేసుడు మరువొద్దు. మహారాష్ట్ర కిరాయి చట్టం, 1999లో 55వ సెక్షన్ ప్రకారం కరారు రాతలో ఉండాలె, రిజిస్టర్ కావాలె. ఆ బాధ్యత మాలకుది. రిజిస్టర్ కాకుండ కొట్లాట వస్తే, షరతుల మీద కిరాయిదారు చెప్పిన మాటనే మొదలు నమ్ముతరు, కాదని మాలకు రుజువు చేయాలె. రిజిస్ట్రేషన్ మాలకుకు గూడ మేలే అని ఈ మాట చెప్పి ఒప్పియ్యొచ్చు. లీవ్ అండ్ లైసెన్స్ అరవై నెలల దాకా చేసుకోవచ్చు. స్టాంపు ఖర్చుకు భయపడి పదకొండు నెలలే చేస్తరు కొందరు. మాది ఐదేండ్లది. కిరాయి మొత్తానికి, డిపాజిట్ మీద ఏడాదికి నూటికి పది చొప్పున కట్టిన మిత్తి కలిపి, నూటికి పావలా లెక్కన స్టాంపు పడ్డది. సుమారు 2,700. రిజిస్ట్రేషన్ ఫీజు 1,000. సగం సగం పెట్టుకున్నం. ఐదేండ్ల నిశ్చింతకు ఇది రెండు దినాల కూరగాయల ఖర్చు.

చెన్నై, బెంగళూరు, ఒడిశా దిక్కు ఉన్న మనోళ్లకు ఒక మాట. అక్కడ లీజు కరారు అయితే, ఏడాది మించినది రిజిస్టర్ కావాలని దేశమంతటి చట్టమే చెప్తది. పదకొండు నెలల కాయితం మీద లక్షల పని చేయించొద్దు. లీజయితే గాళా అమ్మినా కొత్త మాలకు దానికి కట్టుబడాలె. అది లైసెన్సు కంటే గట్టిది. స్టాంపు ఎంతో మాత్రం మీ రాష్ట్రంలో అడిగి తెలుసుకోవాలె.

అన్నీ మాకు దక్కలేదు. హోటలు పెట్టినందుకు కార్పొరేషన్ ఇంటి పన్ను పెరిగితే, పెరిగినంత మేమే కట్టాలని మాలకు పట్టుబట్టిండు. ఒప్పుకోక తప్పలేదు.

ఖానావళి తెరిచి పది నెలలైంది. మొన్న వానలకు పైకప్పు కారి గోధుమ పిండి బస్తా తడిసింది. మాలకు "మీరే చేయించుకోండి" అన్నడు. అల్లుడు కొట్లాడలేదు, కరారు నకలు తీస్కపోయి ఆ పంక్తి మీద ఏలు పెట్టి చూపిచ్చిండు. నాలుగు దినాలకు మేస్త్రీ వచ్చిండు. నా హోటలు నాడు నాకు ఏలు పెట్టి చూపెట్టనీకి ఒక్క పంక్తి గూడ లేకుండె.

మీ ఇంట్ల ఎవలన్న గాళా చూస్తుంటే, సంతకానికి ముందు కరారు ఇంట్ల అందరు ఇనేటట్టు గట్టిగ చదివిచ్చుకోండి. మరాఠీలో ఉంటే చదువుకున్న పిల్లలు చదివి తెలుగులో చెప్తరు. ముఖ్యంగా వంట చేసే ఆమె ఇనాలె. మా కోడలే అడిగింది, "మామయ్యా, గిన్నెలు కడిగే జాగ యాడ రాసిండ్రు?" అని. అది నిజంగనే ఎవలం రాయలేదు. ఎనుక సందులో గిన్నెలు కడుక్కోవచ్చని అప్పుడు చేర్పిచ్చినం.